తాళం గుర్తు కాదు, తలుపు ఎవరిదో చూడాలి

పోయిన సెమిస్టర్‌లో మా రూమ్మేట్‌కి ఒక సైకిల్ అవసరం పడింది. హాస్టల్ నుంచి మెకానికల్ బ్లాక్‌కి నడిస్తే పావుగంట పైనే. ఎనిమిదిన్నర క్లాసుకి ఎనిమిదింటికి లేచే బ్యాచ్ మాది, కాబట్టి లెక్క మీకు తెలిసిందే. వాడు రెండు మూడు రోజులు ఫోన్‌లో సైకిళ్లు వెతికాడు. నాలుగో రోజు రాత్రి రీల్స్ మధ్యలో ఒక ప్రకటన వచ్చింది. ఇరవై ఒక్క గేర్లు, ముందూ వెనకా డిస్క్ బ్రేకులు, నల్ల ఫ్రేమ్ మీద ఎర్ర చార. 14,999 కొట్టేసి పక్కన 1,499 అని ఉంది. "గోడౌన్ ఖాళీ చేస్తున్నాం, ఈ రాత్రి వరకే" అని కింద గడియారం తిరుగుతోంది. వాడు ఆ రాత్రే కట్టేశాడు. కట్టింది వాళ్ల నాన్న పరీక్ష ఫీజుకని పంపిన డబ్బు.

మిగతా కథ మీరు ఊహించగలరు. మర్నాడు ట్రాకింగ్ నంబర్ అని ఒక మెసేజ్ వచ్చింది, ఆ నంబర్ ఏ కొరియర్ సైట్‌లోనూ దొరకలేదు. వారం తర్వాత వాట్సాప్‌లో జవాబులు ఆగిపోయాయి. పన్నెండో రోజుకి సైటే లేదు.

నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతున్నది ఆ 1,499 రూపాయలు కాదు. ఆ పన్నెండు రోజులూ వాడు మాలో ఎవరికీ చెప్పలేదు. ఫీజు గడువు దగ్గర పడి, అప్పు అడగాల్సి వచ్చినప్పుడు చెప్పాడు. అప్పుడు మేమేం అన్నాం? "అంత చీప్‌గా వస్తుందని ఎలా నమ్మావురా మావా?" అని నవ్వాం. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

ఆ నవ్వు తప్పని ఇప్పుడు అనిపిస్తోంది. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే. తక్కువ ధరకి వస్తువు కావాలనుకోవడం దురాశ కాదు, మన జేబులు అంతే. కానీ మోసపోయినవాణ్ణి ఆశపోతు అని తీసిపారేస్తే రెండు నష్టాలు. ఒకటి, వాడు ఇంకోసారి ఎవరికీ చెప్పడు. ఇలాంటి వ్యవహారంలో తొందరగా చెప్పడమే డబ్బు తిరిగొచ్చే ఒకే ఒక్క దారి. రెండు, "మనం అంత వెర్రివాళ్లం కాదులే" అనుకుని మనం చూడాల్సినవి చూడం. నా అభిప్రాయం సూటిగా చెప్తా: కొత్త షాపులో మొదటిసారి డబ్బు కట్టేముందు మనం అడగాల్సింది "ఈ సైట్ బాగుందా?" అని కాదు. "రేపు సరుకు రాకపోతే నేను ఎవర్ని పట్టుకోవాలి?" అని. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు దొరక్కపోతే ధర ఎంతైనా దండగే.

నిజానికి సైట్ అందం చూసి మోసపోకూడని వాళ్లంటూ ఉంటే అది మనమే. సెకండియర్ మినీ ప్రాజెక్టుల్లో సగం షాపింగ్ సైట్లే కదా. రెండు రాత్రుల్లో కట్టేశాం. ఐదు నక్షత్రాల సమీక్షలు ఎవరు రాశారు? మనమే రాశాం, మన పక్కబెంచీవాడి పేరుతో. "ఇప్పుడు 37 మంది ఈ వస్తువు చూస్తున్నారు" అనే అంకె ఎక్కడిది? చాలాసార్లు ఇక్కడిది:

```
let n = Math.floor(Math.random() * 40) + 10;
```

తిరిగే గడియారమూ అంతే. పేజీ రిఫ్రెష్ చేస్తే, లేదా ఇన్‌కాగ్నిటోలో తెరిస్తే, మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. "ఈ రాత్రి వరకే" అన్నది రేపు రాత్రి కూడా ఉంటుంది. ఇక అడ్రస్ బార్‌లో `https`, తాళం గుర్తు. చాలామంది దాన్నే నమ్మకానికి గుర్తుగా చూస్తారు. అది చెప్పేదల్లా ఒక్కటే: మీ ఫోన్‌కీ ఆ సర్వర్‌కీ మధ్య ఎవరూ తొంగి చూడలేరు. ఆ సర్వర్ ఎవరిదో, వాడు మంచివాడో కాదో అది చెప్పదు. ఆ సర్టిఫికెట్ ఉచితంగా, నిమిషాల్లో వస్తుంది. ప్రాజెక్ట్‌కి మనమూ తెచ్చుకున్నాం. దొంగ ఇంటికీ తాళం ఉంటుంది.

కాబట్టి తేలిగ్గా తయారు చేయగలిగినవన్నీ, అంటే డిజైన్, సమీక్షలు, ఫొటోలు, తాళం, ఫాలోవర్ల సంఖ్య, పక్కన పెట్టేద్దాం. అబద్ధం ఆడటం కష్టమైనవే చూద్దాం. అవి ఎలా ఉంటాయో ఒక నిజమైన సందర్భంతో చెప్తాను.

ఈ సెమిస్టర్ మొదట్లో మా కింది ఫ్లోర్ జూనియర్ ఒకడు పరుగెత్తుకొచ్చి ఫోన్ చూపించాడు. "అన్నా, సైకిల్ చూడన్నా, 1,499 అంట." అదే నల్ల ఫ్రేమ్, అదే ఎర్ర చార. సైట్ పేరు మాత్రం వేరు. మా రూమ్మేట్ ఆ ఫొటో చూసి ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత ల్యాప్‌టాప్ తెరిచి, "కూర్చోరా, చూద్దాం" అన్నాడు. ఆ రాత్రి మేం చేసింది ఇదీ.

ముందు కాగితం మీద లెక్క

మొదట ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. ఆ ధరకి ఆ వస్తువు ఇవ్వడం ఎవరికైనా సాధ్యమా అని లెక్క వేయడమే. కొరియర్లు పెద్ద పెట్టెలకి అసలు బరువు మీద కాకుండా, పెట్టె ఆక్రమించే చోటు మీద డబ్బు తీసుకుంటారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5000తో భాగిస్తారు. వచ్చింది కిలోల్లో లెక్క. విప్పి పెట్టిన సైకిల్ పెట్టె సుమారు 135 పొడవు, 20 వెడల్పు, 75 ఎత్తు ఉంటుంది. గుణిస్తే 2,02,500. భాగిస్తే నలభై కిలోల పైమాట. కిలోకి ఇరవై రూపాయలకే తీసుకెళ్లే కొరియర్ ఉందనుకున్నా, రవాణాకే 810 రూపాయలు. సైట్‌లో మాత్రం "ఇండియా అంతా డెలివరీ ఉచితం" అని ఉంది.

అంటే మిగిలింది 689 రూపాయలు. అందులో ఫ్రేమ్, ఇరవై ఒక్క గేర్ల సెట్టు, రెండు డిస్క్ బ్రేకులు, చక్రాలు, పన్ను, ప్రకటన ఖర్చు, అమ్మేవాడి లాభం అన్నీ రావాలి. మా ఊరి సైకిల్ షాపులో రెండు టైర్లు, రెండు ట్యూబులు మార్పిస్తేనే దాదాపు అంత అవుతుంది. లెక్క అక్కడే తెగిపోయింది.

అలాగని తక్కువ ధర అంతా మోసం కాదు. పాత మోడల్ వదిలించుకునేవాళ్లు ఉంటారు, పెట్టె చినిగిన సరుకు ఉంటుంది, రిపేర్ చేసి అమ్మేవి ఉంటాయి. కానీ నిజమైన తగ్గింపుకి ఒక కారణం, ఒక హద్దు ఉంటాయి. గోడౌన్ నిజంగా ఖాళీ చేస్తున్నవాడి దగ్గర చెప్పుల్లో ఆరో నంబరు, పదకొండో నంబరు మిగులుతాయి, ఎనిమిది దొరకదు. రంగు అడిగితే "ఆకుపచ్చ ఒక్కటే ఉంది బాబూ" అంటాడు. జూనియర్ చూపించిన సైట్‌లో సైకిలే కాదు, ట్రాలీ బ్యాగులు, డ్రిల్లింగ్ మెషీన్లు, మసాజ్ కుర్చీ అన్నీ తొంభై శాతం తగ్గింపులో ఉన్నాయి, అన్ని రంగుల్లో, అన్ని సైజుల్లో, ఏదీ అయిపోకుండా. ఖాళీ అవుతున్న గోడౌన్ అలా ఉండదు.

ఎవరు అమ్ముతున్నారు?

లెక్క తెగినా జూనియర్‌కి ఆశ తెగలేదు. "ఏమో అన్నా, నష్టానికి అమ్ముతున్నారేమో." సరే, అమ్మేది ఎవరో చూద్దాం అన్నాం.

మనకి ఈ విషయంలో చట్టం తోడుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020లో ఈ-కామర్స్ నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థ తన చట్టబద్ధమైన పేరు, ముఖ్య కార్యాలయం చిరునామా, సంప్రదించే వివరాలు, ఫిర్యాదులు చూసే అధికారి పేరు సైట్‌లో స్పష్టంగా పెట్టాలి. ఆ అధికారి ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కాబట్టి మొదటి పని పేజీ అడుగుకి వెళ్లి ఈ వివరాలు ఉన్నాయో లేదో చూడటం. లేకపోతే వాడు దొంగో, చట్టం తెలియనివాడో నాకు అనవసరం. నా డబ్బు అక్కడ పెట్టను.

ఈ సైట్‌లో చిరునామా ఉంది, బెంగళూరుది. జీఎస్టీ నంబర్ కూడా ఉంది. జూనియర్ ముఖం వెలిగింది. "చూశారా, జీఎస్టీ కూడా ఉందన్నా!"

ఇక్కడ కాస్త ఆగాలి. జీఎస్టీ నంబర్ ఉండటం వేరు, అది వాళ్లదే కావడం వేరు. ఆ నంబర్ ప్రతి బిల్లు మీదా అచ్చవుతుంది. హోటల్లో టిఫిన్ బిల్లు చూసి నేనూ ఒకటి రాసుకోగలను. అందుకే చదవాలి. మొత్తం పదిహేను అక్షరాలు. మొదటి రెండు అంకెలు రాష్ట్రం: ఆంధ్రప్రదేశ్‌కి 37, తెలంగాణకి 36, కర్ణాటకకి 29. తర్వాతి పది ఆ వ్యాపారి పాన్ నంబర్. ఆ పాన్‌లో నాలుగో అక్షరం P అయితే వ్యక్తి, C అయితే కంపెనీ, F అయితే భాగస్వామ్య సంస్థ. మా ముందున్న నంబర్ 08తో మొదలైంది. అది రాజస్థాన్. చిరునామా బెంగళూరు. పేరు చివర "ప్రైవేట్ లిమిటెడ్" అని రాసుకున్నారు, పాన్‌లో నాలుగో అక్షరం మాత్రం P.

ఇంత చూశాక కూడా అనుమానం మాత్రమే; వేరే రాష్ట్రంలో నమోదైన కంపెనీ ఇంకోచోట గోడౌన్ పెట్టుకోవచ్చు. అనుమానం తీరాలంటే `gst.gov.in`లో లాగిన్ అక్కర్లేకుండానే పన్ను చెల్లింపుదారుని వెతికే చోటు ఉంది. నంబర్ కొడితే చట్టబద్ధమైన పేరు, వ్యాపారం పేరు, నమోదైన తేదీ, నమోదు ఇంకా బతికి ఉందా రద్దయిందా అన్నీ వస్తాయి. వచ్చింది ఒక మనిషి పేరు, టైల్స్ వ్యాపారం. పాపం ఆయనకి తన నంబర్ మీద సైకిళ్లు అమ్ముడవుతున్నట్టు తెలిసి కూడా ఉండదు.

నంబర్ అసలు లేకపోతే? ఇంట్లోంచి చిన్నగా అమ్ముకునేవాళ్లకి చాలాసార్లు జీఎస్టీ ఉండదు, అది తప్పూ కాదు. కానీ దేశమంతా సైకిళ్లు పంపుతాననేవాడి సంగతి వేరు. ఇతర రాష్ట్రాలకి సరుకు అమ్మాలంటే సాధారణంగా రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే.

ఎప్పటి నుంచి ఉన్నారు?

తర్వాత చూసింది సైట్ వయసు. "2016 నుంచి మీ సేవలో" అని పైన పెద్ద అక్షరాలతో ఉంది. డొమైన్ పేరు ఎప్పుడు నమోదైందో దాచడం కష్టం. యజమాని పేరు దాచొచ్చు, తేదీ దాచలేరు. `lookup.icann.org`లో పేరు కొట్టినా చాలు, లినక్స్ ఉన్నవాళ్లు టెర్మినల్‌లో కొట్టినా చాలు. అసలు సైట్ పేరు బదులు నమూనా పేరు రాస్తున్నా:

```
whois example.com | grep -i creation
```

వచ్చిన తేదీకి అప్పటికి పందొమ్మిది రోజులు. తొమ్మిదేళ్ల సేవ పందొమ్మిది రోజుల్లో చేసేశారు.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. వయసు తక్కువైతే అనుమానించాలి గానీ, ఎక్కువైతే నమ్మేయకూడదు. గడువు తీరిన పాత డొమైన్లు కొనుక్కుని వాటి మీద దొంగ షాపు పెట్టేవాళ్లు ఉన్నారు. తేదీ పాతదైతే `web.archive.org`లో ఆ పేరు కొట్టి రెండేళ్ల కింద అక్కడ ఏముండేదో చూడండి. అప్పుడు స్కూలు సైటో, వంటల బ్లాగో ఉండి ఇప్పుడు షాపు ఉంటే సంగతి అర్థమవుతుంది. ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలకీ ఇదే మాట. ప్రొఫైల్‌లో మూడు చుక్కలు నొక్కి ఖాతా వివరాలు చూస్తే ఎప్పుడు చేరారో, ఏ దేశం నుంచో, చాలా ఖాతాలకి ఇంతకుముందు ఎన్నిసార్లు పేరు మార్చారో కనిపిస్తాయి. మా సైకిల్ ఖాతా పాతదే, ఫాలోవర్లు ఎనభై వేలు. పేరు మాత్రం నాలుగుసార్లు మారింది. అది కొనుక్కున్న మీమ్స్ పేజీ కావచ్చని అందరికీ ఒకేసారి తట్టింది, ఎందుకంటే కింద పాత పోస్టుల్లో ఇంకా రెండు మీమ్స్ మిగిలే ఉన్నాయి.

చాలామంది చేసే పని ఇంకోటి ఉంది: సైట్ పేరు పక్కన "ఫేక్" అని పెట్టి వెతకడం. ఏమీ రాకపోతే "ఎవరూ చెడుగా చెప్పలేదు కదా" అని ధైర్యం తెచ్చుకుంటారు. పందొమ్మిది రోజుల సైట్ మీద ఫిర్యాదు ఎక్కడినుంచి వస్తుంది? మోసపోయినవాళ్లు ఇంకా పార్సిల్ కోసం ఎదురు చూస్తూ ఉంటారు, మా రూమ్మేట్ చూసినట్టు. దానికంటే, వాళ్ల "మా గురించి" పేజీలోంచి ఒక పొడుగు వాక్యం తీసి, డబుల్ కోట్స్‌లో పెట్టి వెతకండి. మేం అలా వెతికితే అదే వాక్యం, అక్షరం పొల్లుపోకుండా, బోలెడు వేరే పేర్ల షాపుల్లో దొరికింది. వాటిల్లో కొన్ని అప్పటికే తెరుచుకోవడం మానేశాయి. సైకిల్ ఫొటోని గూగుల్ లెన్స్‌లో పెడితే ఒక విదేశీ సైకిల్ కంపెనీ పేజీకి తీసుకెళ్లింది.

డబ్బు ఎవరి పేరు మీద వెళ్తోంది?

ఇంత అయ్యాక ఆగిపోవచ్చు. కానీ మా రూమ్మేట్ ఆగలేదు. "నేను అప్పుడు చూడంది ఇదే" అని చివరి మెట్టు దాకా వెళ్లాడు, పిన్ కొట్టకుండా.

చెల్లింపు పేజీలో కార్డు లేదు, నెట్ బ్యాంకింగ్ లేదు. యూపీఐ ఒక్కటే. నొక్కగానే ఫోన్‌లో యాప్ తెరుచుకుంది. ఇలా తెరిచే లింకు లోపల దాదాపు ఇలా ఉంటుంది:

```
upi://pay?pa=...&pn=...&am=1499&cu=INR
```

ఇందులో `pa` అన్నది డబ్బు వెళ్లే ఐడీ. `pn` అన్నది పేరు. ఈ పేరు లింకు తయారు చేసినవాడు ఇష్టమొచ్చినట్టు రాసుకోగలడు, కాబట్టి సైట్‌లో, క్యూఆర్ కింద కనిపించే పేరుకి విలువ లేదు. విలువ ఉన్నది యాప్ ఆ ఐడీని బ్యాంకుతో సరిచూసి చూపించే పేరుకి. "బ్యాంకులో నమోదైన పేరు" అన్నట్టుగా చిన్న అక్షరాల్లో, ఒక్కోసారి టిక్ గుర్తుతో ఉంటుంది. మనం పిన్ కొట్టే హడావిడిలో దాటేసేది సరిగ్గా దాన్నే. అక్కడ కంపెనీ పేరు లేదు, చెల్లింపులు నడిపే గేట్‌వే సంస్థ పేరూ లేదు. ఎవరో ఒక మామూలు మనిషి పేరు ఉంది. జీఎస్టీ పోర్టల్‌లో చూసిన పేరు కూడా కాదు.

బెంగళూరు చిరునామా, రాజస్థాన్ జీఎస్టీ, పందొమ్మిది రోజుల డొమైన్, ఇంకెవరిదో ఖాతా. నాలుగు చోట్ల నలుగురు. సరుకు రాకపోతే వీళ్లలో ఎవర్ని పట్టుకుంటాం? జూనియర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది.

చిన్న షాపుల సంగతేంటి?

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ఇలా చూస్తూ పోతే కొత్తగా వ్యాపారం పెట్టినవాళ్లంతా దొంగల్లా కనిపిస్తారు కదా? మన సీనియర్లే హుడీలు అచ్చువేసి అమ్ముతున్నారు, మంగళగిరి నేత చీరలు ఇంట్లోంచి అమ్మే అక్కలున్నారు. వాళ్ల డొమైన్ కూడా నెల కిందటిదే కావచ్చు, అసలు డొమైనే లేకపోవచ్చు.

నిజమే. అందుకే ప్రశ్న మళ్లీ గుర్తు చేస్తున్నా: "ఎవర్ని పట్టుకోవాలి?" చీరలమ్మే అక్కకి జవాబు ఉంది. యూపీఐలో వచ్చే పేరూ, ఫోన్ ఎత్తే మనిషి పేరూ ఒకటే. ఫోన్ చేస్తే ఎత్తుతుంది. "అక్కా, ఆ నీలం చీర కొంగు విప్పి ఒక వీడియో పెట్టండి, పక్కన ఇవ్వాళ్టి పేపరు పెట్టండి" అంటే నవ్వుకుంటూ అయినా పెడుతుంది, ఎందుకంటే చీర ఆమె చేతిలో ఉంది. సైకిల్ సైట్ వాళ్లని జూనియర్ వాట్సాప్‌లో అడిగాడు, సైకిల్ ఒక్కసారి తిప్పి వీడియో పెట్టమని. "ఆఫర్ ముగుస్తోంది సర్, త్వరగా కట్టండి" అని వచ్చింది. రెండుసార్లు అడిగితే రెండుసార్లూ అదే జవాబు. సరుకు ఉన్నవాడికీ లేనివాడికీ తేడా ఒక్క వీడియోలో తెలుస్తుంది. పైగా చీరలమ్మే అక్క తొంభై శాతం తగ్గించదు. నేతగాడి కూలి ఆమెకి తెలుసు.

మొదటిసారి ఎలా కట్టాలి?

అన్నీ సరిపోయాయి, అయినా కొత్త షాపే. అప్పుడు చాలామంది చెప్పే సలహా క్యాష్ ఆన్ డెలివరీ. అది మంచిదే గానీ, అనుకున్నంత మంచిది కాదు. మనం డబ్బిచ్చేది పార్సిల్ విప్పాక కాదు, విప్పకముందు. చాలా డెలివరీల్లో డబ్బు ఇవ్వకుండా పెట్టె తెరవనివ్వరు. లోపల హెడ్‌ఫోన్ బదులు సబ్బు ఉంటే డెలివరీ అబ్బాయితో గొడవపడి లాభం లేదు, అతను పెట్టె మోసుకొచ్చాడంతే. తెరిచి చూసి తీసుకునే పద్ధతి ఉంటే అది వాడండి. లేకపోతే తెరుస్తున్నప్పుడు, చిరునామా చీటీ కనిపించేలా, మధ్యలో ఆపకుండా వీడియో తీయండి. "క్యాష్ ఆన్ డెలివరీయే, కానీ ఖాయం చేయడానికి ముందు 99 పంపండి" అంటే మాత్రం అది క్యాష్ ఆన్ డెలివరీ కాదు. వాడి వ్యాపారం ఆ 99 రూపాయలే.

యూపీఐకీ క్రెడిట్ కార్డుకీ తేడా కూడా తెలిసి ఉండాలి. కార్డుతో కట్టినదానికి సరుకు రాకపోతే బ్యాంకు దగ్గర వివాదం లేవనెత్తి, డబ్బు వెనక్కి అడిగే పద్ధతి ఒకటి ఉంది. యూపీఐలో పిన్ కొట్టి పంపింది మనమే. మనకు తెలియకుండా ఖాతాలోంచి డబ్బు పోతే కస్టమర్ బాధ్యత ఎంతవరకో రిజర్వు బ్యాంకు 2017లో నియమాలు పెట్టింది. కానీ అవి మన అనుమతి లేకుండా జరిగిన లావాదేవీలకి. మోసపోయి అయినా మనమే అనుమతిస్తే, బ్యాంకు "మీరే పంపారు కదా" అంటుంది. ఇంట్లో కార్డు లేనివాళ్లం ఎక్కువమందిమి కాబట్టి, మొదటి ఆర్డర్‌ని పోయినా తట్టుకోగలిగినంత చిన్నదిగా పెట్టడమే మనకున్న బీమా. పరీక్ష ఫీజు డబ్బు అందులోకి రాకూడదు.

ఇప్పటికే కట్టేసి ఉంటే

ఇది చదువుతున్నవాళ్లలో ఎవరో ఒకరు ఇప్పటికే కట్టేసి, ఎవరికీ చెప్పకుండా ట్రాకింగ్ పేజీ రిఫ్రెష్ చేస్తూ ఉండొచ్చు. వాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

1930కి ఇప్పుడే ఫోన్ చేయండి, లేదా `cybercrime.gov.in`లో ఫిర్యాదు పెట్టండి. మీరు పంపిన డబ్బు మొదటి ఖాతాలో ఎక్కువసేపు ఉండదు. ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి మారుతూ చివరికి ఎక్కడో నగదుగా బయటికి వెళ్లిపోతుంది. ఫిర్యాదు ఆ లోపు చేరితే మధ్యలో ఏదో ఒక ఖాతాలో ఆపగలిగే అవకాశం ఉంటుంది. గంటలో చెప్పడానికీ పన్నెండు రోజులకి చెప్పడానికీ తేడా అదే. యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి పన్నెండంకెల యూటీఆర్ నంబర్ రాసుకోండి, సైట్, ప్రకటన, చాట్ అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీయండి. సైట్ రేపు ఉండకపోవచ్చు. బ్యాంకుకీ చెప్పండి. షాపు నిజమైనదే, సరుకు పాడైంది లేదా డబ్బు తిప్పి ఇవ్వడం లేదంటే అది వేరే దారి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

డబ్బు తప్పకుండా వస్తుందని నేను చెప్పను. మా వాడికి రాలేదు. పన్నెండు రోజులు ఆగడానికి కారణం వాడి భయం. ఆ భయానికి కారణం మా నవ్వు. అందుకే మీ రూమ్‌లో ఎవరైనా ఇలాంటిది చెప్పడానికి గుటకలు మింగుతుంటే, "ఎలా నమ్మావురా" అనే ముందు "ఎంతసేపైంది?" అని అడగండి.

వాడికి చివరికి సైకిల్ దొరికింది. ఫైనలియర్ అన్న ఒకాయన వెళ్లిపోతూ 1,800కి ఇచ్చాడు. గేర్లు లేవు, బెల్లు మోగదు, వెనక బ్రేకు సగమే పడుతుంది. కానీ డబ్బిచ్చే ముందు వాడు దాన్ని గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు తొక్కి చూశాడు.